పెళ్లి డాన్స్ మెడ్లీలో వేగం మారే చోట అడుగు తప్పకుండా ఉండాలంటే

ప్రశ్న: అక్క పెళ్లిలో పది మందిమి కలిసి చేసే డాన్స్ కోసం నాలుగు పాటల మెడ్లీ తయారుచేస్తున్నాను. మొదటిది నెమ్మదైన పాట, రెండోది బాగా హుషారు, మూడోది మధ్యస్థం, చివరిది మళ్లీ హుషారు. ఒకటి తగ్గిస్తూ ఇంకోటి పెంచితే కలగాపులగం అవుతోంది. నెట్‌లో దొరికిన డ్రమ్ ఫిల్స్, అంటే ఖాళీని నింపే చిన్న డ్రమ్ ముక్కలు, మధ్యలో పెట్టాను. వినడానికి బాగానే ఉంది కానీ అందరి అడుగులూ సరిగ్గా అక్కడే తప్పుతున్నాయి. ఫిల్ ఎంతసేపు ఉండాలి? ఏ వేగంలో ఉండాలి?

సమాధానం:

ఫిల్‌లోని చివరి నాలుగు దెబ్బలు కొత్త పాట వేగంలో ఉండాలి. అంతకు ముందు ఏం వాయించినా, ఎంతసేపు వాయించినా ఫరవాలేదు. ఆ నాలుగు దెబ్బలు మాత్రం స్పష్టంగా, సమానంగా, కొత్త పాట నడకలోనే పడాలి. పదేళ్లుగా ఇలాంటి మెడ్లీలు కట్ చేస్తున్నాను. అడుగు తప్పుతోందంటూ నా దగ్గరికి వచ్చిన ట్రాకుల్లో ఎక్కువ వాటికి జబ్బు ఇదే.

వినేవాళ్లకీ ఆడేవాళ్లకీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. వినేవాడికి దెబ్బ పడ్డాక తెలిస్తే చాలు. ఆడేవాడికి దెబ్బ పడేలోపే కాలు గాల్లోకి లేవాలి, అంటే తర్వాతి దెబ్బ ఎప్పుడొస్తుందో ముందే తెలిసి ఉండాలి. పాత పాట వేగంలో ఉన్న ఫిల్ పెడితే చెవికి హాయిగా ఉంటుంది. కానీ ఫిల్ అయిపోగానే కాళ్లు పాత లెక్కలో దిగుతాయి, కొత్త పాట ఒకటో దెబ్బ అప్పటికే పడిపోయి ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరూ విడివిడిగా లయ వెతుక్కుంటారు. ఒకరికి రెండు అడుగుల్లో దొరుకుతుంది, ఇంకొకరికి ఆరు అడుగులు పడుతుంది. మీ పది మంది చెదిరిపోతున్నది ఆ రెండు మూడు సెకన్లలోనే. నెట్‌లో దొరికిన ఫిల్ ఏ వేగంలో వాయించి ఉంటే ఆ వేగంలోనే ఉంటుంది కాబట్టి మీకు ఇంకా కష్టమైంది. అది పాత పాటదీ కాదు, కొత్త పాటదీ కాదు. మూడో వేగం మధ్యలో దూరింది.

నాలుగే ఎందుకంటే, మొదటి దెబ్బ ఒక్కటే ఏ వేగాన్నీ చెప్పదు. రెండోది పడ్డాక ఒక ఎడం తెలుస్తుంది. మూడోది పడ్డాక ఆ ఎడం నిజమేనని నమ్మకం కుదురుతుంది. నాలుగోదానికి ఒళ్లు సిద్ధమవుతుంది. డాన్స్ నేర్పేవాళ్లు ఎనిమిదుల్లో లెక్కపెట్టి ‘ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది’ అంటూ అందరినీ ఒకేసారి దింపేదీ ఇలాగే. మీ ఫిల్ ఆ నాలుగు అంకెల్ని నోటితో కాకుండా డ్రమ్స్‌తో చెప్పాలి.

ఈ పని చేయాలంటే ముందు నాలుగు పాటల వేగాలూ కచ్చితంగా తెలియాలి. యాప్‌లు చెప్పే బీపీఎంని, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే అంకెను, యథాతథంగా నమ్మకండి. 84 ఉన్న పాటని 168 అని చూపించడం వాటికి మామూలే, తకిట నడక ఉన్న పాటల్లో ఇంకా గజిబిజి పడతాయి. ఎడిటర్‌లో పాట తెరిచి, మీ కాలు సహజంగా ఎక్కడ తాళం వేస్తోందో ఆ దెబ్బల్ని లెక్కపెట్టండి. మొదటి దెబ్బని సున్నా అనుకుని, 32వ దెబ్బ దగ్గర ఆపి, మధ్యలో ఎన్ని సెకన్లు గడిచాయో చూడండి.

```
BPM = 1920 / సెకన్లు
ఒక దెబ్బ నిడివి = 60 / BPM
```

32 దెబ్బలకు 15 సెకన్లు పడితే వేగం 128. 20 సెకన్లు పడితే 96. స్టాప్‌వాచ్ నొక్కడం కన్నా వేవ్‌ఫామ్‌లో దెబ్బ మొదలయ్యే చోట కర్సర్ పెట్టి సమయం చూడటం మేలు, ఎందుకంటే వేలు పదో వంతు సెకను ఆలస్యమైనా 128 దగ్గర దాదాపు ఒక బీపీఎం తేడా వచ్చేస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. సమానంగా పడే క్లిక్ శబ్దం చెవిలో పెట్టుకోకుండా మనుషులు కలిసి వాయించిన పాత రికార్డింగుల్లో వేగం పాట పొడుగునా ఒకేలా ఉండదు, పల్లవి దగ్గర 84 ఉన్నది చరణం చివరికి 86 అవుతుంది. అలాంటి పాటకి సగటు అంకె మీకు పనికిరాదు. మీరు కోసే చోట, చివరి 8 దెబ్బల వేగం ఎంతో విడిగా కొలవండి. అతుకు కుదిరేది ఆ అంకెతోనే.

మీ పాటలేవో నాకు తెలియదు కాబట్టి మీరు చెప్పిన క్రమానికే అంకెలు పెట్టుకుని మొత్తం చేసి చూపిస్తాను. మొదటి పాట 84, రెండోది 128, మూడోది 96, చివరిది 132 అనుకుందాం. అన్నిటికీ నాలుగు దెబ్బల తాళమే.

మొదటి అతుకు 84 నుంచి 128కి. ఇక్కడ నేను రెండో పాటని 126కి దించుతాను. 126 అంటే 84కి సరిగ్గా ఒకటిన్నర రెట్లు. ఆ నిష్పత్తి ఉంటే పాత లయలోంచే కొత్త లయ పుట్టినట్టు వినిపిస్తుంది. ఎలాగో నోటితో అనుకుని చూడండి. నెమ్మదైన పాటకి కాలితో తాళం వేస్తూ, ప్రతి దెబ్బకీ ‘తకిట’ అనండి. ‘త, కి, ట’ మూడూ సమానంగా పలకాలి. ఇప్పుడు అక్షరాల వేగం ఏమాత్రం మార్చకుండా, అదే పరుగులో ‘తక తక తక తక’ అనడం మొదలుపెట్టి, ప్రతి ‘త’ దగ్గరా అడుగు వేయండి. అడుగు వేగం పెరిగింది, నోట్లో అక్షరాల పరుగు మాత్రం ఉన్నట్టే ఉంది. మీరు ఇప్పుడు 126లో నడుస్తున్నారు. ఎక్కడా తొందరపడలేదు, మూళ్లుగా ఉన్నవాటిని రెళ్లుగా విడగొట్టారు, అంతే.

దీన్నే డ్రమ్స్‌తో చేయాలి. మొదటి పాట చివరి ఎనిమిదిలో ఆరో లెక్క దాకా పాట ఉండనివ్వండి. ఏడు, ఎనిమిది లెక్కల్లో పాట ఆగి, డ్రమ్స్ ఒక్కటే పాత వేగంలో ‘తకిట తకిట’ వాయిస్తుంది. వెంటనే అదే పరుగులో ‘తక తక తక తక’, ప్రతి ‘త’ మీద కిక్, స్నేర్ కలిపి బలమైన దెబ్బ. ఈ నాలుగు బలమైన దెబ్బలే కొత్త పాట ‘ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది’. ఆ వెంటనే రెండో పాట ఒకటో దెబ్బ, దాని మీద క్రాష్ సింబల్. ఒక్కో చిన్న అక్షరం 0.238 సెకన్లు పడుతుంది. మొత్తం 14 అక్షరాలు కాబట్టి డ్రమ్స్ ఒక్కటే వినిపించేది 3.33 సెకన్లు. పాత పాట తాళం లెక్కలో ఇది నిండు ఆవర్తం కాదు, నాలుగున్నర దెబ్బలకి కాస్త పైన ఎక్కడో తెగుతుంది. దానికి దిగులుపడకండి. కాళ్లు అప్పటికే కొత్త లెక్కలోకి వచ్చేశాయి, పాత లెక్క ఎక్కడ తెగిందో ఎవరూ చూడరు.

చివరి ‘తక’లో ‘క’ని వాయించకుండా ఖాళీగా వదిలేయండి. కొత్త పాట పడేముందు ఆ పావు సెకను నిశ్శబ్దం ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది, ఒకటో దెబ్బకి రెట్టింపు బలం వస్తుంది. అయితే ఒక దెబ్బ కన్నా ఎక్కువ ఖాళీ వదిలితే అప్పుడే నేర్పిన లయ మళ్లీ జారిపోతుంది.

128ని 126కి దించడం గురించి. అది ఒకటిన్నర శాతం మార్పు, ఎవరి చెవికీ అందదు. ఆడాసిటీ ఎడిటర్‌లో దీనికి రెండు దారులున్నాయి. `Change Tempo` శృతిని అలాగే ఉంచి వేగం మారుస్తుంది. `Change Speed and Pitch` టేపుని నెమ్మదిగా తిప్పినట్టు వేగాన్నీ శృతినీ కలిపి మారుస్తుంది. చాలామంది మొదటిదే వాడతారు. నేను మూడు శాతం లోపు మార్పుకి రెండోదే వాడతాను. శృతిని పట్టి ఉంచడానికి సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని ముక్కలుగా కోసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది, అప్పుడు డ్రమ్ దెబ్బల మొన మొద్దుబారుతుంది. డాన్స్ ట్రాక్‌లో ఆ మొనే ప్రాణం. ఒకటిన్నర శాతానికి శృతి తగ్గేది అర స్వరంలో నాలుగో వంతుకి కాస్త ఎక్కువ, పక్కనే అసలు పాట పెట్టి పోలిస్తే తప్ప తెలియదు. మూడు నుంచి ఆరు శాతం మధ్యలో మాత్రం శృతిని పట్టి ఉంచే పద్ధతికే వెళ్తాను, లేకపోతే గొంతు మారినట్టు తెలిసిపోతుంది. ఆరు దాటాలంటే ఆ పాటని సాగదీయడం మానేసి, అతుకు పద్ధతినే మార్చుకుంటాను.

ఆ వేరే పద్ధతి ఇదిగో, రెండో అతుకులో కావాలి. 126 నుంచి 96కి దిగాలి. ఇందులో నోటికి తేలిగ్గా అందే నిష్పత్తి లేదు. లెక్కకి మూడు బై నాలుగుకి దగ్గరే, కానీ దాన్ని పలకాలంటే మూళ్ల పరుగులో నాలుగేసి చొప్పున విడగొట్టాలి. సంగీతం నేర్చుకున్నవాళ్లకే అది కొంచెం కష్టం. పైగా వేగం పెంచడం కన్నా తగ్గించడం ఒంటికి కష్టం. పరుగెత్తుతున్న మనిషి ఉన్నట్టుండి నడవలేడు, రెండు మూడు అడుగులు ముందుకు దూసుకుపోతాడు. రెండు ఆవర్తాల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తే సరిపోతుందని అనిపిస్తుంది. ఒక వాద్యబృందం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అలా తగ్గించగలదు. జనం వైపు తిరిగి ఆడుతున్న పది మంది ఒకరినొకరు చూసుకోలేరు, తర్వాతి దెబ్బ ఎంత ఆలస్యమవుతుందో పది మందీ పది రకాలుగా ఊహిస్తారు.

అందుకే ఇక్కడ ఆపేయాలి. రెండో పాటలో ఒక వాక్యం పూర్తయి, తర్వాతి వాక్యం మొదలవ్వాల్సిన ఒకటో దెబ్బ దగ్గర, పాటకి బదులు కిక్, క్రాష్ కలిసి ఒకే ఒక్క పెద్ద దెబ్బ. అందరూ అక్కడ బొమ్మల్లా నిలబడిపోతారు. ఆ దెబ్బే కొత్త వేగంలో మొదటి లెక్క అవుతుంది. అక్కడి నుంచి 96లో నిండు ఎనిమిది లెక్కలు పెట్టుకోండి. ఒక్కో లెక్క 0.625 సెకన్లు, మొత్తం సరిగ్గా 5 సెకన్లు. ఒకటి పెద్ద దెబ్బ. రెండులో క్రాష్ మోగుతూ తగ్గుతుంది. మూడు నుంచి సన్నగా షేకర్ మొదలవుతుంది. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది లెక్కల్లో కిక్‌తో పాటు చప్పట్ల శబ్దం. మళ్లీ ఒకటికి మూడో పాట.

షేకర్‌ని వదిలేయకండి. నేను మొదట్లో చేసిన ఒక ట్రాక్‌లో ఈ చోట రెండు సెకన్లు పూర్తిగా నిశ్శబ్దం పెట్టాను. డాన్స్ అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు, సౌండ్ చూస్తున్న అతను కూడా అదే అనుకుని వాల్యూమ్ దించేశాడు. మూడో పాట మొదటి వాక్యం ఎవరికీ వినిపించలేదు. ఆడుతున్నవాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటి నుంచి ఏదో ఒక సన్నని శబ్దం నడుస్తూ ఉండేలా చూసుకుంటాను. ఐదు నుంచి ఎనిమిది దాకా ఒట్టి కిక్ కాకుండా చప్పట్ల శబ్దం పెట్టమన్నదీ అందుకే. పెద్ద దెబ్బకి జనం కేకలు వేస్తారు, ఆ గోలలో కిక్ అణగిపోతుంది. చప్పట్ల పదునైన శబ్దం దాన్ని చీల్చుకుని వస్తుంది.

నిలబడే భంగిమ గురించి మీ డాన్స్ మాస్టరుతో ఒక మాట చెప్పండి. అందరికీ రెండు పాదాలూ నేలకి ఆని ఉండాలి. నాలుగు లెక్కలు, అంటే రెండున్నర సెకన్లు, అంతసేపు ఒంటికాలి మీద నిలబడాలంటే కొత్తవాళ్లు ఊగిపోతారు, ఊగినవాళ్లు ఐదో లెక్క రాకముందే కాలు దించేస్తారు. భంగిమ స్థిరంగా ఉంటే హుషారు పాట తర్వాత ఊపిరి తీసుకోవడానికి కూడా ఆ వ్యవధి పనికొస్తుంది.

మూడో అతుకు 96 నుంచి 132కి. ఇక్కడ మళ్లీ నిష్పత్తి దొరుకుతుంది. చివరి పాటని 128కి దించితే అది 96కి నాలుగు బై మూడు వంతులు. తగ్గించాల్సింది మూడు శాతం, నేను పెట్టుకున్న గీత దగ్గరే ఉంది. ఇక్కడ శృతి తగ్గడం సుమారు అర స్వరంలో సగం దాకా వస్తుంది కాబట్టి రెండు పద్ధతుల్లోనూ చేసి విని, గొంతు ఏది సహజంగా అనిపిస్తే అది ఉంచండి.

ఈసారి నోటి లెక్క తకధిమితో మొదలవుతుంది. 96లో తాళం వేస్తూ ప్రతి దెబ్బకీ ‘తకధిమి’ అనండి. తర్వాత అక్షరాల పరుగు మార్చకుండా ‘తకిట తకిట తకిట తకిట’ అని, ప్రతి ‘త’కీ అడుగు వేయండి. నాలుగు తకిటలంటే 12 అక్షరాలు, మూడు తకధిమిలన్నా 12 అక్షరాలే. అంటే పాత పాట మూడు దెబ్బలు పట్టే చోట కొత్త పాట నాలుగు దెబ్బలు ఇమిడిపోతాయి, రెండూ 1.875 సెకన్లే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన అతుకు ఇది. ఎందుకంటే పాత తాళం ఎక్కడా తెగదు. మూడో పాట చివరి ఎనిమిదిలో నాలుగో లెక్క దాకా పాట నడుస్తుంది. ఐదో లెక్కలో డ్రమ్స్ ఒక ‘తకధిమి’ వాయిస్తుంది, అక్కడ అందరూ ఒక కేక వేయొచ్చు. ఆరు, ఏడు, ఎనిమిది లెక్కలు పట్టే కాలంలో నాలుగు తకిటలు పడతాయి. చివరి తకిటలో ‘త’ మాత్రం కొట్టి, ‘కిట’ ఖాళీ వదలండి. ఆ తర్వాత వచ్చే ఒకటి పాత పాట లెక్కలోనూ ఒకటే, కొత్త పాటకీ ఒకటే. ఎవరైనా ఫిల్‌ని పట్టుకోలేక పాత లెక్కలోనే ఉండిపోయినా, సరిగ్గా ఒకటికే వచ్చి దిగుతారు. మీ బృందంలో లయ అంతగా పట్టుబడనివాళ్లు ఉంటే అలాంటివాళ్లని కాపాడేది ఇదే.

నేర్పేటప్పుడు మాత్రం ఆ నాలుగు తకిటల మీద ‘ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది’ అని కొత్తగా లెక్కపెట్టండి, పాత ఐదు దగ్గర అంకె పలకకుండా కేక ఉంచండి. రెండుసార్లు ‘ఐదు’ వినిపిస్తే జనం తికమకపడతారు.

మొదటి పాట 8 ఎనిమిదులు, రెండోది 20, మూడోది 12, చివరిది 20 అని పెట్టుకుంటే అతుకులతో కలిపి మొత్తం 4 నిమిషాల 24 సెకన్లు వస్తుంది. హుషారు పాట ఒక్కోటి 75 సెకన్ల దగ్గర ఆగుతుంది. రోజూ ఆడని మనుషులకి అంతకు మించి ఒకే ఊపులో ఆడటం కష్టం, అడుగు బరువెక్కితే ఎంత మంచి అతుకైనా అందదు.

ఇక ఫిల్‌లో ఏ శబ్దాలు వాడాలన్నది. తకిట, తకధిమి అంటూ పరుగెత్తే చిన్న అక్షరాలన్నిటినీ పెద్ద టామ్ మీద వాయించాలని అందరికీ సరదాగా ఉంటుంది. గదిలో హెడ్‌ఫోన్స్‌తో వింటే అద్భుతంగా ఉంటుంది కూడా. పెద్ద హాల్లో మాత్రం గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల ఒక దెబ్బ మోత ఆగకముందే తర్వాతి దెబ్బ పడి, అంతా ఉరుములా కలిసిపోతుంది. మూడో అతుకులో రెండు అక్షరాల మధ్య 0.156 సెకన్లే ఉంది. కాబట్టి పరుగుని హైహ్యాట్, రిమ్ లాంటి పొట్టి శబ్దాలకి అప్పగించి, అడుగు పడాల్సిన దెబ్బల్ని మాత్రం కిక్, స్నేర్‌తో బరువుగా కొట్టించండి. హాల్లో చిన్న అక్షరాలు కలిసిపోయినా నాలుగు పెద్ద దెబ్బలు నిలబడతాయి. టామ్‌తో ఇంకో ఇబ్బంది ఏమిటంటే దానికంటూ ఒక శృతి ఉంటుంది, అది పాటల శృతికి కుదరకపోతే ఎక్కడో అపస్వరంలా గుచ్చుతుంది.

శృతి మాట వచ్చింది కాబట్టి, నాలుగు పాటలూ నాలుగు శృతుల్లో ఉన్నా కంగారుపడకండి. రెండు మూడు సెకన్లు ఒట్టి డ్రమ్స్ వింటే చెవి పాత శృతిని వదిలేస్తుంది. మీరు ఒకటి తగ్గిస్తూ ఇంకోటి పెంచినప్పుడు కలగాపులగమైంది రెండు లయలూ రెండు శృతులూ ఒకేసారి వినిపించడం వల్ల. అయితే ఆ డ్రమ్స్ కింద పాత పాట బేస్ గిటారో, గాయని గొంతు ప్రతిధ్వనో సాగుతూ ఉంటే ఈ లాభం పోతుంది. పాటని దెబ్బ పడే ముందు కోసి, కోసిన చోట 10 నుంచి 20 మిల్లీసెకన్ల చిన్న ఫేడ్ పెట్టండి, టిక్కుమనే శబ్దం రాకుండా ఉంటుంది. మాట మధ్యలో మాత్రం కోయకండి. వాక్యం పూర్తయ్యే చోటు దొరికేదాకా వెతకండి, అవసరమైతే ఒక ఎనిమిది ముందుకో వెనక్కో జరగండి.

కొత్త పాట ఎత్తుగడ కూడా చూసుకోవాలి. చాలా పాటలు ఒకటో దెబ్బ మీద మొదలుకావు, గొంతు అంతకన్నా ఒకటి రెండు దెబ్బల ముందే ఎత్తుకుంటుంది. అలాంటి పాటని ఒకటో దెబ్బ దగ్గర కోసి పెడితే మొదటి మాట పోతుంది. ఆ ముందు మాటని ఫిల్ మీదే పడనివ్వండి. గొంతు ఏడో లెక్క దగ్గర ఎత్తుకుంటే ఐదు, ఆరు దెబ్బల్ని గట్టిగా ఉంచి, ఏడు, ఎనిమిది దెబ్బల్ని వినిపించీ వినిపించనట్టు సన్నగా చేయండి. మాట తెలిసిన పాట అయితే అందరూ ఆ గొంతు పట్టుకునే దిగుతారు, డ్రమ్స్ కన్నా అది బలమైన పట్టు.

ఫిల్ వాల్యూమ్ పాట కన్నా ఎక్కువ ఉండకూడదు. రెడీమేడ్‌గా దొరికేవి చాలా వరకు గట్టిగా ఉంటాయి, వాటిని అలాగే పెడితే ఫిల్ అయ్యాక వచ్చిన పాట నీరసంగా వినిపిస్తుంది. మూడు డెసిబెల్స్ తగ్గించి మొదలుపెట్టి, కొత్త పాట ఒకటో దెబ్బ అన్నిటికన్నా పెద్దదిగా వినిపించేదాకా సర్దండి.

అతుకు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మీ చెవిని నమ్మకండి, వందసార్లు విన్న మీకు ఎలాంటి అతుకైనా సాఫీగానే ఉంటుంది. మెడ్లీ ఎప్పుడూ వినని మనిషిని కూర్చోబెట్టి, అతుకుకి రెండు ఎనిమిదుల ముందు నుంచి వినిపించి, చప్పట్లతో తాళం వేయమనండి. కొత్త పాట ఒకటో దెబ్బకి ఆ మనిషి చప్పట్టు సరిగ్గా పడితే మీ ఫిల్ పని చేసినట్టే. చప్పట్టు ఆగిపోయి, పాట మొదలయ్యాక మళ్లీ మొదలైతే నాలుగు దెబ్బలూ తగినంత స్పష్టంగా లేవు, అలంకారాలు తగ్గించండి. చప్పట్టు ఒకటి కన్నా ఆలస్యంగానో ముందుగానో పడి, ప్రతిసారీ అలాగే పడుతుంటే, వేగం లెక్కలో తప్పుంది. మళ్లీ కొలవండి.

రిహార్సల్‌కి వేరే ట్రాక్ చేయండి. అదే మెడ్లీలో, అతుకుల దగ్గర మాత్రం మీ గొంతుతో ‘ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది’ అని రికార్డు చేసి కలపండి. మొదటి మూడు నాలుగు రోజులు అందరూ దానితో ఆడాలి, ఆ తర్వాత గొంతు తీసేసిన అసలు ట్రాక్‌తో ఆడాలి. పాటలు ఎలాగూ ఇంట్లో ఎవరికి వారు సాధన చేసుకుంటారు. కలిసినప్పుడు అతుకుల మీదే సమయం పెట్టండి, ప్రతి అతుకునీ ఒక ఎనిమిది ముందు నుంచి ఒక ఎనిమిది తర్వాత దాకా విడిగా కోసిపెట్టుకుని, పదేసి సార్లు వరసగా చేయించండి. రిహార్సల్స్ మొదలయ్యాక ఫిల్‌ని ఇంకాస్త అందంగా చేయాలనిపిస్తుంది. ముట్టుకోకండి. అర సెకను మారినా పది మంది ఒంట్లో కుదురుకున్న లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

చివరగా ఫైలు. పని మొత్తం వావ్ ఫైళ్లతో చేసి, నాలుగు పాటలూ మూడు అతుకులూ కలిపి ఒకే ఫైలుగా తీయండి. ముక్కల్ని విడివిడి ఎంపీ3లుగా తీసి తర్వాత అతికిస్తే, ఎంపీ3 చేసేటప్పుడు ప్రతి ముక్క మొదట్లోనూ చేరే చిన్న ఖాళీ అతుకుల దగ్గరికి వచ్చి చేరుతుంది, ఇంత కష్టపడి కుదిర్చిన దెబ్బ అక్కడ వెనకబడుతుంది. హాల్లో స్పీకర్ల మీద ఒకసారి పెట్టించుకుని వినే వీలుంటే, పాటలన్నీ వదిలేసి ఆ మూడు అతుకులే వినండి. వేదిక మీద నిలబడి, మీ వాళ్లు నిలబడే చోటి నుంచే వినండి.